పేరు కొట్టేసే ముందు ఒక నోటీసు

పది రోజులు చెప్పాపెట్టకుండా రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని చాలామంది నమ్మకం. యజమానుల్లోనూ ఈ నమ్మకం ఉంది, కార్మికుల్లోనూ ఉంది. కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలో అలా రాసి ఉన్నా సరే, మనిషిని అడక్కుండా పేరు కొట్టేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది.

అది డి.కె. యాదవ్ అనే కార్మికుడికీ జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్‌కూ మధ్య నడిచిన కేసు. 1980 డిసెంబరు 3 నుంచి వరసగా ఎనిమిది రోజులకు పైగా రాలేదు కాబట్టి ఉద్యోగం వదిలేసినట్టేనని అదే నెల 12న కంపెనీ ఉత్తరం ఇచ్చింది. రోజూ వస్తూనే ఉన్నాననీ, గేటు దగ్గరే ఆపేస్తున్నారనీ యాదవ్ వాదన. సంజాయిషీ అడగలేదు, విచారణ జరపలేదు కాబట్టి ఆ తొలగింపు చెల్లదంటూ, సగం పాత జీతంతో ఆయన్ను తిరిగి తీసుకోమని కోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి కె. రామస్వామి తెలుగువారే.

దీని వెనక తర్కం తేలికే. మనిషి రాలేదన్న సంగతి మస్టర్ చూస్తే తెలుస్తుంది. ఎందుకు రాలేదో, ఉద్యోగం వదులుకునే ఉద్దేశం ఉందో లేదో మాత్రం అందులో ఉండదు. ఆసుపత్రిలో పడినవాడూ, వేరేచోట పనికి కుదిరినవాడూ మస్టర్‌లో ఒకేలా కనిపిస్తారు. వాళ్లిద్దరిలో ఇతను ఎవరో తేల్చుకోవడానికే నోటీసు.

ఉదాహరణకు, ఫ్యాక్టరీలో పనిచేసే ఒక వెల్డర్ మే 4 నుంచి 9 వరకు సెలవు పెట్టి శ్రీకాకుళం దగ్గర సొంతూరికి వెళ్లాడనుకుందాం. 11న డ్యూటీకి రావాలి, రాలేదు. సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఇలా రెండు వారాలు దాటాక కంపెనీ పంపాల్సిన ఉత్తరం దాదాపు ఇలా ఉండాలి:

‘మీరు 4.5.2026 నుంచి 9.5.2026 వరకు సెలవుపై వెళ్లారు. 11.5.2026 నుంచి సెలవు మంజూరు లేకుండా, సమాచారం ఇవ్వకుండా డ్యూటీకి రావడం లేదు. ఈ నోటీసు అందిన 7 రోజుల్లోగా డ్యూటీలో చేరి, గైర్హాజరుకు కారణం రాతపూర్వకంగా తెలపండి. అనారోగ్యమైతే వైద్య పత్రాలు జతచేయండి. చేరలేని పరిస్థితి ఉంటే అదైనా రాయండి. ఈ గడువులో మీ నుంచి ఏ సమాచారమూ రాకపోతే నిబంధనల ప్రకారం తదుపరి చర్య తీసుకుంటాం.’

ఇందులో తేదీలు ఉన్నాయి, గడువు ఉంది, జవాబు చెప్పుకునే వీలు ఉంది. తీర్పు మాత్రం లేదు. ‘మీరు ఉద్యోగం వదిలేశారు, కారణం చెప్పండి’ అని రాస్తే ముందే నిర్ణయించుకుని లాంఛనానికి అడిగినట్టవుతుంది.

ఎక్కువ నోటీసులు దెబ్బతినేది చిరునామా దగ్గర. మనవాడు ఊళ్లో ఉంటే ఉత్తరం హైదరాబాద్‌లోని అద్దెగదికి వెళ్లి, ‘తలుపు తాళం’ అన్న రాతతో తిరిగొస్తుంది. అందుకే ఉద్యోగంలో చేరినప్పుడు రాసిచ్చిన శాశ్వత చిరునామాకు కూడా స్పీడ్ పోస్టులో పంపాలి. వాట్సాప్‌లోనూ పెట్టవచ్చు కానీ దానితోనే సరిపెట్టుకోకూడదు. తిరిగొచ్చిన కవరును విప్పకుండా ఫైల్లో ఉంచాలి. పంపామనడానికి రేపు అదే సాక్ష్యం.

ఊళ్లో కాలు విరిగి మంచంపట్టిన వెల్డర్ వారంలోపే జవాబు రాసి, ఎక్స్‌రే, డాక్టరు చీటీ జతచేశాడనుకోండి. అప్పుడు విషయం సెలవు పొడిగింపు దగ్గరికి వస్తుంది. అనారోగ్యం, ప్రమాదం లాంటి చేతిలో లేని కారణాలతో రాలేకపోతే దాన్ని కావాలని చేసిన గైర్హాజరుగా లెక్కించలేమని 2012లో ఒక ప్రభుత్వోద్యోగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జవాబే రాకపోతే కంపెనీ మరో నోటీసు ఇచ్చి, విచారణకు తేదీ పెట్టి, ఆ రోజూ రాకపోతే అతను లేకుండానే విచారణ ముగించి ఉత్తర్వు ఇస్తుంది. అంతా చేశాక కోర్టుకెళ్లినా కంపెనీ పక్షం గట్టిగా నిలబడుతుంది.

నోటీసు అందుకున్నవాళ్లు చేసే పెద్ద పొరపాటు కవరు తీసుకోకపోవడం. సరైన చిరునామాకు వచ్చిన పోస్టును తిరస్కరిస్తే అందినట్టే లెక్క. ఫోన్లో చెప్పాను కదా అని ఊరుకోవడం రెండోది. రెండు ముక్కలైనా కాగితం మీద రాసి పంపి, రసీదు దాచుకోవాలి. గడువులోపే వెళ్లినా గేటు దగ్గర ఆపేస్తే, ఫలానా తేదీన ఫలానా వేళకు డ్యూటీకి వచ్చాను, లోనికి రానివ్వలేదు అని అదే రోజు కంపెనీకి ఉత్తరమో మెయిలో పంపాలి. యాదవ్ కేసులో తగువంతా దాని మీదే నడిచింది: రోజూ వచ్చానన్నది ఆయన మాట, రాలేదన్నది కంపెనీ మాట.

చివరికి ఉద్యోగం పోయినా, చేసిన రోజుల జీతం, పీఎఫ్ సొమ్ము ఎక్కడికీ పోవు. ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ కూడా అడగవచ్చు. డ్యూటీకి రాలేదన్న ఒక్క కారణంతో దాన్ని ఎగ్గొట్టడం కుదరదు.