అరచేతిలో అమ్మకాల లెక్క

ఆఫీసు కంప్యూటర్‌లో కళకళలాడే డాష్‌బోర్డు ఫోన్‌లో తెరిస్తే చీమల బారులా కనిపిస్తుంది. రెండు వేళ్లతో సాగదీస్తే అంకె పెద్దదవుతుంది, కానీ అది దేని అంకో చెప్పే శీర్షిక తెర దాటి బయటికి పోతుంది. తప్పు చూసేవాళ్ల కళ్లద్దాలది కాదు, లెక్కది.

వ్యాపార సంస్థల్లో బాగా వాడే పవర్ బీఐనే తీసుకుందాం. అందులో రిపోర్టు పేజీ మామూలుగా 1280 పిక్సెళ్ల వెడల్పు, 720 ఎత్తు ఉంటుంది. నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో డిజైనర్ లెక్కకు దొరికే వెడల్పు 360 ప్రాంతం. ఫోన్ డబ్బా మీద 1080 అని ఉన్నా చోటేమీ పెరగదు. ఆ అదనపు చుక్కలన్నీ అక్షరాన్ని నున్నగా చూపించడానికే. అంటే పేజీ మూడున్నర రెట్లు కుంచించుకుపోతుంది, 16 పిక్సెళ్ల అక్షరం నాలుగున్నరకు దిగుతుంది. ఫోన్ అడ్డంగా తిప్పినా ఎత్తు సరిపోక సగానికే ఆగుతుంది, అక్షరం 8 దగ్గర ఉంటుంది. పన్నెండు కంటే తగ్గితే తెలుగు చదవడం కష్టం, ఒత్తులు అక్షరంలో కలిసిపోతాయి.

అందుకే పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో `View` మెనూ కింద `Mobile layout` అని వేరే పేజీ పెట్టారు. కంప్యూటర్ పేజీలో ఉన్న కార్డులు, చార్టుల్లోంచి కావలసినవి మాత్రమే ఫోన్ ఆకారంలోకి లాగి పెట్టుకోవచ్చు. అక్కడ మార్చిన అక్షరం సైజు, రంగు ఫోన్‌కే వర్తిస్తాయి, అసలు పేజీ చెక్కుచెదరదు. లాగి పెట్టనిది ఫోన్‌లో కనిపించదు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వదిలేయడానికి మనసొప్పక అన్నీ తెచ్చి పెట్టేవాళ్లే ఎక్కువ.

పన్నెండు బట్టల షాపులున్న ఒక సంస్థ అనుకుందాం. యజమాని పొద్దున్నే కారెక్కుతూ ఫోన్ తెరిచేది రెండు సంగతుల కోసం: ఈ నెల టార్గెట్‌కు ఎంత దూరంలో ఉన్నాం, ఏ షాపు వెనకబడింది? కంప్యూటర్ పేజీలోని తొమ్మిది బొమ్మల్లో ఈ రెండింటికీ జవాబిచ్చేవి మూడో నాలుగో ఉంటాయి. మిగతావి ఆఫీసులో కూర్చుని చూసుకోవచ్చు.

ముందు కేపీఐ కార్డు, అంటే వ్యాపారం ఎలా నడుస్తోందో ఒక్క ముక్కలో చెప్పే అంకె. 360 వెడల్పులో పక్కపక్కన రెండు కార్డులు పెడితే, అంచులు, మధ్య సందు, లోపలి ఖాళీ పోగా ఒక్కో అంకెకు మిగిలేది సుమారు 136. అంకెను 28 సైజులో రాస్తే ‘₹42,36,518’కి దాదాపు అంతే చోటు కావాలి. పండగ సీజన్‌లో అమ్మకం కోటి దాటి ‘₹1,42,36,518’ అయిందంటే పట్టదు. అప్పుడు చాలా కార్డులు తోక కోసి మూడు చుక్కలు పెడతాయి. ‘₹1,42,36…’ అని చూసిన మనిషి కోటీ నలభై రెండు లక్షలను లక్షా నలభై రెండు వేలని చదివే ప్రమాదముంది. అంకె అసలు కనబడకపోయినా ఇంత నష్టం లేదు.

కాబట్టి అంకెను పొట్టి చేయాలి. పవర్ బీఐకి తనంతట తానుగా తెలిసినవి వేలు, మిలియన్లు, బిలియన్లు. దానికే వదిలేస్తే 42 లక్షలను `4.24M` అని చూపిస్తుంది. మన యజమానికి అది మళ్లీ మనసులో లెక్కేసుకునే పని. లక్షల్లో కావాలంటే ఒక చిన్న కొలమానం రాసుకోవాలి:

```
Sales Lakh = DIVIDE([Total Sales], 100000)
```

దీన్ని ఒక దశాంశ స్థానానికి కుదిస్తే కార్డులో 42.4 వస్తుంది. కింద ‘అమ్మకాలు, ₹ లక్షల్లో’ అని రాస్తే సరి. కానీ కుదించడంలో ఒక మడతపేచీ ఉంది. టార్గెట్ 42,41,000, అమ్మకం 42,36,518 అయితే రెండూ 42.4 గానే కనిపిస్తాయి, బాణం గుర్తు మాత్రం ఎర్రగా కిందికి చూస్తుంటుంది. చూసినవాళ్లకు రిపోర్టు తప్పనిపిస్తుంది. అందుకని టార్గెట్‌ను మరో కుదించిన అంకెగా పెట్టకుండా, తేడానే పూర్తిగా రాయడం నయం: ‘▼ ₹4,482 తక్కువ’. ఆ బాణమూ, ‘తక్కువ’ అన్న మాటా అలంకారం కాదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లకూ, ఎండలో ఫోన్ చూసేవాళ్లకూ రంగు ఒక్కటే చాలదు. డిజైనర్లు ముచ్చటపడే లేత బూడిద రంగు శీర్షికలు కూడా ఎండలో మాయమైపోతాయి. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి.

ఇక షాపుల చార్టు. కంప్యూటర్‌లో నిలువు కడ్డీలు బాగానే ఉంటాయి. ఫోన్‌లో పన్నెండు కడ్డీలకు తలా 25 పిక్సెళ్లు దక్కుతాయి. ‘రాజమహేంద్రవరం’ అన్న పేరుకు దాదాపు వంద కావాలి. అందుకే పేర్లు ఏటవాలుగా వాలిపోతాయి, లేదా సగంలో తెగుతాయి. కడ్డీలను పడుకోబెడితే పేరు ఎడమవైపు నిండుగా పడుతుంది, అంకె కడ్డీ చివర నిలుస్తుంది. వరుస అక్షర క్రమంలో కాకుండా, బాగా వెనకబడిన షాపు పైనుండాలి. ఒక్కో వరుసకు 28 పిక్సెళ్ల ఎత్తిస్తే మొత్తం 336, వేలితో కాస్త పైకి తోస్తే అయిపోతుంది. ఇంగ్లిష్ పేర్లతో సరిచూసి వదిలేస్తే మాత్రం ‘కూకట్‌పల్లి’లోని లావత్తు కింద తెగిపోవచ్చు. ఈ చార్టును పేజీ లోపల మళ్లీ విడిగా జరిగే పెట్టెలో బిగించకూడదు, వేలు అందులో చిక్కుకుని పేజీ కదలదు.

రోజువారీ అమ్మకాల గీత విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అంచులు, అక్షం అంకెలు పోగా గీతకు మిగిలే వెడల్పు 300. అందులో 365 రోజులు కుక్కితే రోజుకు ఒక పిక్సెల్ కూడా రాదు, గీత కాస్తా గీకినట్టవుతుంది. గత 30 రోజులు చూపిస్తే రోజుకు పది దొరుకుతాయి. మౌస్ లేని చోట విలువ తెలియాలంటే గీతను తాకాలి, కాబట్టి చివరి రోజు అంకెను గీత కొసనే రాసిపెట్టాలి.

చాలామంది గమనించనిది ఆకారం మార్పు. అదే 30 రోజుల గీత కంప్యూటర్‌లో 900 వెడల్పు, 250 ఎత్తులో ఉంటే ఫోన్‌లో 300 వెడల్పు, 200 ఎత్తులో ఉంటుంది. వెడల్పు మూడో వంతుకు తగ్గింది, ఎత్తు మాత్రం కొంచెమే తగ్గింది. దాంతో ప్రతి వాలూ రెండున్నర రెంట్లకు దగ్గరగా నిటారవుతుంది. ఆఫీసులో చిన్న ఒడుదుడుకుగా కనిపించిన మంగళవారం, కారులో కూర్చున్న యజమానికి లోయలా కనిపించి షాపు మేనేజర్‌కు ఫోన్ వెళ్తుంది. ఎత్తును 83 దాకా తగ్గిస్తే రెండు చోట్లా వాలు ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది.

పరీక్ష ఫోన్‌లోనే చేయాలి, కంప్యూటర్‌లోని ఫోన్ బొమ్మలో కాదు. యజమాని చేతికిచ్చి ‘ఏ షాపు వెనకబడిందండీ?’ అని అడిగి ఊరుకోండి. ఆయన రెండు వేళ్లతో సాగదీసిన చోట అక్షరం చిన్నదైంది. షాపు ఎంచుకునే మీట రెండుసార్లు నొక్కాల్సి వస్తే అది వేలికి ఇరుకైంది. ఆండ్రాయిడ్ సూచించే కొలత 48, ఆపిల్‌ది 44.

నెల ఒకటో తారీఖు ఉదయం కూడా తప్పకుండా చూడాలి. ఇంకా బిల్లు పడకపోతే కార్డులో `(Blank)` అని వస్తుంది. అది బాగోలేదని సున్నా వచ్చేలా సర్దేవాళ్లున్నారు. అప్పుడు షాపు తెరవలేదో, తెరిచినా డేటా రాలేదో యజమానికి తేడా తెలియదు. ఖాళీ స్థానంలో ఒక చిన్న గీత పెట్టి, దాని కింద చివరి బిల్లు ఎప్పుడు అందిందో సమయం రాస్తే సరిపోతుంది. దానికి పట్టేది పేజీ మీద ఒక్క వరుస.