అద్దె ఇంట్లోని సామాన్లకు బీమా

చందానగర్‌లో ఒక అపార్ట్‌మెంటు గ్రౌండ్ ఫ్లోరులో అద్దెకు ఉంటున్న కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచెత్తినటువంటి వాన మళ్లీ పడి, ఇంట్లోకి మోకాలి లోతు నీరు వచ్చిందనుకోండి. ఇంటి యజమాని భవనానికి బీమా చేయించి ఉన్నా, అది గోడలకూ తలుపులకూ వర్తిస్తుందే తప్ప అద్దెదారు ఫ్రిజ్‌కూ పరుపులకూ కాదు. 2020లో ప్రభుత్వం బాధిత కుటుంబానికి ప్రకటించిన తక్షణ సాయం 10,000 రూపాయలు. దానితో కొత్త ఫ్రిజ్ కూడా రాదు.

వస్తువు పాడైతే ఎవరికి ఆర్థిక నష్టమో వారికే దానిపై బీమా ఆసక్తి ఉంటుంది. అందువల్ల అద్దెదారు భవనాన్ని వదిలేసి, సామాన్లకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఇందుకు వీలు కల్పిస్తుంది. అగ్నిప్రమాదం, వరద, తుఫాను, భూకంపం వంటివన్నీ అందులో కలిసే ఉంటాయి. మూడో అంతస్తులో ఉన్నాం కదా, వరద వద్దు అని విడదీసుకునే అవసరం ఉండదు.

దొంగతనం సంగతి వేరు. చాలామంది పొరబడేది ఇక్కడే. అగ్నిప్రమాదమో వరదో జరిగి, దాని కారణంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే ఈ పాలసీ పరిహారం ఇస్తుంది. పండక్కి ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే వర్తించదు. దానికి దొంగతనం బీమాను విడిగా జత చేసుకోవాలి.

ఎంత మొత్తానికి చేయించాలి? మన ఉదాహరణలో ఫ్రిజ్ 25,000, వాషింగ్ మెషిన్ 20,000, టీవీ 30,000, మంచాలు, పరుపులు, బీరువా కలిపి 75,000, సొంత ల్యాప్‌టాప్ 50,000, బట్టలు, వంట సామాను 60,000 అనుకుందాం. మొత్తం 2,60,000 రూపాయలు. ఇవి ఎప్పుడో కొన్న ధరలు కావు, ఈరోజు కొత్తవి కొనడానికి అయ్యే ధరలు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ మీ సొత్తు కాదు కనుక లెక్కలో కలపకూడదు. నగదు సాధారణంగా వర్తించదు. నగలను విలువ పేర్కొని విడిగా చేర్పించాలి. అవి బ్యాంకు లాకరులోనే ఉంటే ఇంటి పాలసీలో వాటికి ప్రీమియం కట్టడం దండగ అని నా అభిప్రాయం.

మరో మెలిక ఉంది. షార్ట్ సర్క్యూట్‌తో ఫ్రిజ్ లోపలే కాలిపోతే ఆ ఫ్రిజ్‌కు పరిహారం రాదు. ఆ మంట సోఫాకు అంటుకుంటే సోఫాకు వస్తుంది.

నష్టం జరిగాక చాలామంది తడిసిన పరుపులను వెంటనే బయట పారేస్తారు. బీమా కంపెనీకి తెలియజేసి, సర్వేయరు చూసేదాకా వాటిని ఉంచాలి. అంతలో కుళ్లిపోయేలా ఉంటే, కంపెనీకి చెప్పి, ఫొటోలు తీసిన తర్వాతే పారేయాలి. దొంగతనమైతే పోలీసు ఎఫ్ఐఆర్ నకలు జత చేయాలి. బిల్లుల ఫొటోలు ముందే ఈ-మెయిల్‌లో దాచుకుంటే మేలు, ఎందుకంటే బీరువాలోని కాగితాలూ ఆ నీటిలోనే తడుస్తాయి.