ఇరవై ముక్కలకు ఒకే షీటు

వీడియో గేమ్‌లో ఒక పాత బంగళా ముందు నిలబడ్డామనుకోండి. వరండా స్తంభాలు, ద్వారబంధాలు, కిటికీ ఊచలు, మెట్లు, గోడ పైభాగాన కార్నిసు అన్నీ కళ్లముందుంటాయి. ఈ బంగళాను మొత్తంగా ఒక్క బొమ్మలా ఎవరూ చేయరు. గోడ ముక్క, తలుపున్న గోడ ముక్క, మూల, స్తంభం, మెట్ల వరుస అంటూ ఓ ఇరవై ముక్కలు విడిగా చేసుకుని, గ్రిడ్ మీద పేర్చి కడతారు. అదే ముక్కలను ఇంకోలా పేరిస్తే పక్క వీధిలో ఇంకో బంగళా లేస్తుంది. దీన్ని మాడ్యులర్ కిట్ అంటారు.

అయితే, ముక్క ఆకారం ఒక్కటే చాలదు. దాని ఉపరితలానికి రాయి, సున్నం, చెక్క అనిపించే చిత్రం కావాలి. ఆ చిత్రమే టెక్స్చర్. అది వెలుగుకు ఎలా స్పందించాలో చెప్పే ఏర్పాటు మెటీరియల్. అడ్డం 2048, నిలువు 2048 పిక్సెళ్లున్న టెక్స్చర్‌ను ఇప్పటి గేముల్లో వాడే బీసీ7 పద్ధతిలో కుదిస్తే 4 మెగాబైట్లు అవుతుంది. దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న ప్రతులు, అంటే మిప్‌మ్యాపులు, కలిపితే 5.3 దాకా వస్తుంది. రంగుకొకటి, గతుకులకొకటి, నునుపుదనంలాంటి గుణాలకొకటి చొప్పున మూడు చిత్రాలు కావాలి కాబట్టి ఒక మెటీరియల్‌కు దాదాపు 16 మెగాబైట్లు. ఇరవై ముక్కలకూ విడివిడిగా వేస్తే 320 మెగాబైట్లు. ఒక్క బంగళాకు అంత ఇవ్వడానికి ఏ యంత్రమూ ఒప్పుకోదు. పైగా ఒకే ముక్కలో రాయికొకటి, చెక్కకొకటి, ఇనుముకొకటి మెటీరియల్ పెడితే గ్రాఫిక్స్ చిప్‌కు ఆ ముక్క గీయమని ఒకసారి కాక మూడుసార్లు ఆదేశం వెళుతుంది.

ఇరవై ముక్కలనూ ఆ 16 మెగాబైట్లలోనే ముగించే ఉపాయం ట్రిమ్ షీట్. ఒకే టెక్స్చర్‌ను అడ్డంగా పట్టీలుగా విభజిస్తారు. ఒక పట్టీలో రాయి, ఒకదానిలో సున్నపు గార, ఒకదానిలో కార్నిసు, ఒకదానిలో చెక్క. ప్రతి పట్టీ కుడి చివర దాని ఎడమ చివరతో అతుకు తెలియకుండా కలుస్తుంది. దుకాణంలో చుట్టలోంచి గజాల లెక్కన కోసిచ్చే జరీ అంచులాగా, ఏ పట్టీనైనా ఎంత పొడవు కావాలంటే అంత వాడుకోవచ్చు. ముక్క మీది ఒక్కో తలం ఈ చిత్రంలో ఏ భాగాన్ని కప్పుకోవాలో చెప్పే అమరికను యూవీ అంటారు. ముక్కలు చేసేవారి పనల్లా, ప్రతి తలాన్నీ తగిన పట్టీ మీదికి జరపడమే.

చెప్పడం తేలికే. ఇందులో అసలైన పని రంగులు వేయడానికి ముందే ఉంది, కొలతల్లో ఉంది. ఒక మీటరు గోడకు ఎన్ని పిక్సెళ్లు అన్నది మొదట తేల్చుకోవాలి. 512 అనుకుందాం. అప్పుడు 2048 పిక్సెళ్ల షీటు సరిగ్గా నాలుగు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు. ఈ నాలుగు మీటర్ల ఎత్తునే పట్టీలుగా పంచాలి. మన బంగళాకు ఇలా పంచవచ్చు. గోడ దిగువ సగాన్ని కప్పే రాతి పలకలకు ఒక మీటరు, అంటే 512 పిక్సెళ్లు. గారకు మరో మీటరు. కార్నిసుకు 256, తలుపు చెక్కలకు 256, ద్వారబంధపు చెక్కకు 128, మెట్ల అంచు రాయికి 128. ఊచల ఇనుముకు 64, అంచుల మందానికి 64. మిగిలిన 128లో బందులు, గడియ, మేకుల తలలు. కూడితే 2048, ఒక్క పిక్సెల్ వృథా లేదు.

పట్టీలన్నీ 64, 128, 256 అంటూ రెట్టింపుల్లోనే ఉండటం కేవలం లెక్క తేలిక కోసం కాదు. ఆటగాడు దూరం జరిగేకొద్దీ చిత్రం సగానికి, అందులో సగానికి తగ్గుతూ పోతుంది. రెట్టింపు కొలతల్లో పేర్చిన పట్టీల సరిహద్దులు అలా తగ్గినప్పుడు కూడా చాలా దశల దాకా పిక్సెళ్ల మధ్యనే పడతాయి. పట్టీ వెడల్పు 100 అయితే రెండుసార్లు సగమయ్యేసరికి 25, ఆ తర్వాత పన్నెండున్నర. అక్కడ ఒకే పిక్సెల్‌లో చెక్క, ఇనుము రెండూ కలిసిపోతాయి. కొలతలు బాగున్నా కొంత జాగ్రత్త తప్పదు. మిప్‌మ్యాపు మూడో మెట్టులో ఒక్క పిక్సెల్ అసలు చిత్రంలోని ఎనిమిది పిక్సెళ్ల అడ్డాన్నీ తనలో కలుపుకుంటుంది. అందుకే తలం అంచును సరిగ్గా పట్టీ సరిహద్దు దాకా తీసుకుపోకుండా, కొన్ని పిక్సెళ్లు లోపలే ఆపుతారు. ఆపకపోతే ఏమవుతుందో కనిపెట్టడం సులువు. దగ్గర బాగున్న గోడ, పదిహేను అడుగులు వెనక్కి జరిగేసరికి అంచు వెంట పరాయి రంగు సన్నని గీత చూపిస్తుంది. మళ్లీ దగ్గరికి వెళితే ఆ గీత మాయం.

ఇప్పుడు తలుపున్న గోడ ముక్క చేద్దాం. వెడల్పు నాలుగు మీటర్లు, ఎత్తు మూడు. అడుగున మెట్ల అంచు రాయి పట్టీ పావు మీటరు, దానిపై రాతి పలకలు ఒక మీటరు, దానిపై ద్వారబంధపు చెక్క పట్టీయే అడ్డపట్టెగా పావు మీటరు, ఆపై గార ఒక మీటరు, చివర కార్నిసు అర మీటరు. సరిగ్గా మూడు మీటర్లు. మధ్యలో మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు తలుపుకు ఖాళీ. ద్వారబంధం నిలువు కమ్ములకు అదే చెక్క పట్టీ యూవీని తొంభై డిగ్రీలు తిప్పి నిలబెడతాం. తలుపుకు రెండు రెక్కలు, ఒక్కోటి అర మీటరు. తలుపు చెక్కల పట్టీ వెడల్పు కూడా అంతే కనుక ఒక్కో రెక్కకు ఒకసారి నిలువుగా తిప్పి పరిస్తే సరిపోయింది. గోడకు ఆ కొలతలు కుదిరింది యాదృచ్ఛికంగా కాదు, షీటును చూసుకునే గోడను గీశాం. గోడలన్నీ ముందే చేసేసి తర్వాత షీటు వేద్దామనుకునేవారు గారను పైకీ కిందికీ సాగదీసి, పక్కపక్క గోడల్లో ఒకచోట మసకగా, ఒకచోట స్ఫుటంగా తేల్చుకుంటారు.

ముక్క వెడల్పు విషయంలోనూ ఇదే పట్టింపు. నాలుగు మీటర్ల ముక్క షీటును ఈ చివర నుంచి ఆ చివర దాకా వాడుతుంది కనుక పక్క ముక్కతో అతుకు తెలియదు. కిట్‌లో రెండు మీటర్ల గోడ కూడా ఉంటే? అది షీటు ఎడమ అంచున మొదలై సగంలో ఆగుతుంది. దాని పక్కన మళ్లీ అలాంటిదే పెడితే, సగంలో తెగిన రాతి పలక పక్కన కొత్త పలక మొదలవుతుంది. నిలువునా గీసినట్టు అతుకు కనబడుతుంది. దీనికి రెండు మార్గాలు. పలకల మధ్య సందు సరిగ్గా షీటు మధ్యన పడేలా ముందే గీసుకోవడం ఒకటి. అతుకుల దగ్గర ఒక స్తంభాన్ని నిలబెట్టి కప్పేయడం రెండోది. నాకు రెండోదే నచ్చుతుంది. కట్టడానికి లయ కూడా వస్తుంది.

ట్రిమ్ షీట్ చేసే మేలుల్లో చూసేవారికి అంతగా తెలియనిది అంచుల గుండ్రదనం. అసలు రాయికి కత్తిలాంటి అంచు ఉండదు. కాస్త అరిగి, అక్కడ వెలుగు గీతలా మెరుస్తుంది. ఆ వంపును ఆకారంలోనే చెక్కితే ముక్కకు తలాలు అనేక రెట్లు పెరుగుతాయి. అందుకని నార్మల్ మ్యాప్‌లో, పట్టీ పై అంచున, కింది అంచున, ఎనిమిదేసి పిక్సెళ్ల మేర ఉపరితలం నలభై అయిదు డిగ్రీలు వంగినట్టు రాసిపెడతారు. మెట్టు పైతలం, ముందుతలం తొంభై డిగ్రీల మూలలో కలుస్తాయి. ఒకటి ఇటు నలభై అయిదు, ఇంకొకటి అటు నలభై అయిదు వంగితే రెండూ అంచు దగ్గర ఒకే దిక్కును చూస్తాయి. వెలుగు రెండింటి మీదా ఒకేలా పడి, మొనదేలిన అంచు నునుపుగా అరిగినట్టు కనబడుతుంది. ఇన్సోమ్నియాక్ గేమ్స్ 2014లో విడుదల చేసిన సన్‌సెట్ ఓవర్‌డ్రైవ్ నగరంలో ఈ పద్ధతిని విస్తారంగా వాడారు. ఆ మరుసటి ఏడాది గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఆ సంస్థ కళాకారుడు మోర్టెన్ ఓల్సెన్ దీన్ని వివరించాక చాలామంది అందుకున్నారు.

ఆ వంపు సంఖ్యల్లో కూడా కనబడుతుంది. నార్మల్ మ్యాప్‌లో చదునైన చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 128, 128, 255. పైకి నలభై అయిదు డిగ్రీలు వంగిన అంచున 128, 218, 218. ఇది యూనిటీ, బ్లెండర్ పాటించే ఓపెన్‌జీఎల్ లెక్క. అన్‌రియల్ పాటించే డైరెక్ట్‌ఎక్స్ లెక్కలో ఆకుపచ్చ తలకిందులై 37 అవుతుంది. ఒకదానికి చేసిన షీటును మార్చకుండా ఇంకొకదానిలో పెడితే ఉబ్బెత్తు కార్నిసు లోపలికి తవ్వినట్టు కనిపిస్తుంది. వెలుగును పై నుంచి పెట్టి చూస్తే వెంటనే పట్టుబడుతుంది.

ఈ ఉపాయానికి హద్దులున్నాయి. మెష్‌లో ఆ మూలను పదునైన అంచుగానే ఉంచి, యూవీని అక్కడ విడదీయాలి. నునుపు చేస్తే వంపు మీద వంపు పడి మరకలా తేలుతుంది. ఆరు పలకల స్తంభానికి ఇది పనికిరాదు. అక్కడ పక్కపక్క తలాలు అరవై డిగ్రీల తేడాతోనే ఉంటాయి కాబట్టి ముప్పయి చాలు, నలభై అయిదు అతి అవుతుంది. ఇంకోటి, వంపు ఉన్నది పట్టీ పై కింది అంచుల్లోనే. బంగళా మూలన గోడలు నిలువుగా కలిసే చోట పట్టీ అడ్డంగా పోతుంది, అక్కడ వంపు లేదు. ఆ మూలను కప్పడానికి మెట్ల అంచు రాయి పట్టీనే నిలువుగా తిప్పి మూలరాయిగా నిలబెట్టాలి. ఇంత చేసినా ఆకాశం నేపథ్యంలో గోడ అంచును దగ్గరగా చూస్తే గీటు గీసినట్టే ఉంటుంది. ఆకారం మారలేదు కదా.

పట్టీలను తిప్పి వాడతాం కనుక షీటులో మురికి రాయకూడదు. ద్వారబంధపు చెక్క అడుగున బురద చారలు రాస్తే, తిప్పి నిలబెట్టినప్పుడు ఆ బురద పక్కకు పారుతుంది. కొట్టొచ్చినట్టుండే పగులు కూడా వద్దు, అది ప్రతి నాలుగు మీటర్లకూ తిరిగొచ్చి కథంతా బయటపెడుతుంది. గోడ అడుగున చెమ్మ, సజ్జ కింద నల్లటి చార కావాలంటే ముక్క శీర్షాలకు రంగు పూసి దాని ద్వారా రెండో పొరను కలుపుతారు. లేదంటే డెకాల్, అంటే గోడపై అంటించే పారదర్శకమైన చిత్రం, విడిగా పెడతారు.

పట్టీల వరుస ఒకసారి ఖాయమయ్యాక దాన్ని కదపకూడదు. అదే కొలతల్లో, అదే వరుసలో రెండో షీటు గీయండి. రాతి పలకల చోట ఎర్రటి ఇటుక, గార చోట నీలిరంగు సున్నం, చెక్క చోట తుప్పుపట్టిన ఇనుము. ముక్కలకు మెటీరియల్ ఒక్కటి మారిస్తే చాలు, యూవీలను ముట్టకుండానే ఇరవై ముక్కలూ వేరే పేటలోని గిడ్డంగి కట్టడానికి సిద్ధమవుతాయి. ఆ మధ్య ఎవరైనా కార్నిసు పట్టీని 32 పిక్సెళ్లు పెంచారంటే మాత్రం, దాని కింది పట్టీలను వాడిన ప్రతి ముక్కనూ తెరిచి ప్రతి తలాన్నీ మళ్లీ జరపాల్సి వస్తుంది.