తెల్లగోడే ఎందుకు గెలుస్తుంది?

2004 జనవరిలో స్పిరిట్ రోవర్‌ను మోసుకుపోయిన నౌక అంగారకుడి మీద గుసెవ్ బిలంలోకి దిగుతూ, ప్యారాచూట్‌కు వేలాడుతూనే కింది నేలను మూడు ఫొటోలు తీసింది. వాటిని భూమికి పంపి జవాబు కోసం ఆగే వ్యవధి లేదు. గాలి తనను పక్కకు ఎంత వేగంగా నెడుతోందో నౌకలోని కంప్యూటరే తేల్చుకోవాలి. వేగం ఎక్కువైతే చిన్న రాకెట్లు మండించి తగ్గించుకోవాలి. లేకపోతే గాలిసంచులతో నేలను తాకేటప్పుడు అవి చిరిగిపోయే ప్రమాదం ఉంది.

వేగం తెలియాలంటే మొదటి ఫొటోలో ఒక గుంటో గట్టో ఉన్న చిన్న చదరాన్ని కత్తిరించుకుని, రెండో ఫొటోలో అది ఎక్కడికి జరిగిందో వెతకాలి. ఆ చదరాన్ని టెంప్లేట్ అంటారు. వెతికే పద్ధతి పేరు టెంప్లేట్ మ్యాచింగ్. మార్స్ సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఈ వెతుకులాట ఎలా జరుగుతుందో చూద్దాం.

కంప్యూటర్‌కు ఫొటో అంటే అంకెల గళ్లు. నలుపు తెలుపు ఫొటోలో కటిక నలుపుకు 0, తెలుపుకు 255, మధ్య రంగులకు మధ్య అంకెలు. టెంప్లేట్‌ను పెద్ద ఫొటో మీద ఒక్కో పిక్సెల్ జరుపుతూ, ప్రతి చోటా పైనున్న అంకెను కిందున్న అంకెతో గుణించి, లబ్ధాలన్నీ కూడతాం. ఆ మొత్తం ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ పోలిక ఉందనుకుంటాం. దీన్నే మామూలు కోరిలేషన్ అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. పెద్ద అంకె కింద పెద్ద అంకె, చిన్న అంకె కింద చిన్న అంకె పడితే మొత్తం పెరుగుతుంది కదా!

లెక్క వేసి చూస్తేగానీ ఇందులోని మోసం బయటపడదు. టెంప్లేట్‌లో మూడే పిక్సెళ్లు ఉన్నాయనుకోండి: 40, 100, 40. అంటే మధ్యలో వెలుగు, రెండు పక్కలా చీకటి. ఫొటోలో సరిగ్గా ఇవే అంకెలున్న చోట మొత్తం 1600 + 10000 + 1600, అంటే 13200. ఇప్పుడు టెంప్లేట్‌ను జరుపుకుంటూ పోయి ఏ గీతా మచ్చా లేని గోడ మీద పెట్టండి. అక్కడ 120, 120, 120. మొత్తం 4800 + 12000 + 4800, అంటే 21600. అసలు చోటు ఓడింది, ఖాళీ గోడ గెలిచింది!

కారణం తేలికే. ఈ మొత్తంలో రెండు విషయాలు కలిసిపోయాయి: ఆకారం ఎంత కలిసింది, కింద ఎంత వెలుగుంది. వెలుగెక్కువైన చోట ఆకారం లేకపోయినా మొత్తం పెరుగుతుంది. అసలు చోటి మీద నీడపడి అంకెలు సగమైతే (20, 50, 20) దాని మొత్తం 6600కు పడిపోతుంది. వస్తువు అదే, చోటు అదే, మార్కులు మాత్రం సగం. ఎంత వస్తే 'దొరికింది' అనాలో చెప్పే గీత గీయడానికే వీలు లేదు.

మొదట తట్టే మందు భాగహారం. ప్రతి అంకెనూ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే ఆ ముక్క 'పరిమాణం' వస్తుంది. గుణకారాల మొత్తాన్ని టెంప్లేట్ పరిమాణంతోనూ, కింది ముక్క పరిమాణంతోనూ భాగిస్తాం. ఇప్పుడు అసలు చోటికి 1 వస్తుంది. నీడలో సగమైన ముక్కకూ 1 వస్తుంది. గోడకు 0.90. సరైనదే గెలిచింది కానీ ఖాళీ గోడకు నూటికి తొంభై మార్కులంటే నమ్మబుద్ధి కాదు. పైగా కాంతి మారడమంటే గుణకారం ఒక్కటే కాదు. పొగమంచో ధూళో కమ్మితే ప్రతి పిక్సెల్‌కూ కొంత వెలుగు అదనంగా కలుస్తుంది. అసలు చోటి అంకెలు సగమై, పైన 80 కలిసిందనుకోండి: 100, 130, 100. దానికి 0.95 వస్తుంది. గోడకూ దానికీ తేడా పూచికపుల్లంత. కెమెరా గరుకుదనం కాస్త ఎక్కువైతే ఆ తేడా కూడా మిగలదు.

అసలు మందు సగటు తీసేయడం. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లలో ఒకరు చెయ్యి జారవిడిచి మార్కులేస్తారు, ఇంకొకరు పిసినారి. వాళ్లిద్దరి కట్టల్లోని పిల్లల్ని పోల్చాలంటే ఎవరు తమ కట్ట సగటుకు ఎంత పైనున్నారో, ఎంత కిందున్నారో చూస్తాం. ఇక్కడా అంతే. టెంప్లేట్ సగటు 60, తీసేస్తే మిగిలేది -20, 40, -20. ధూళి కమ్మిన ముక్క సగటు 110, తీసేస్తే -10, 20, -10. గుణించి కూడితే 200 + 800 + 200, అంటే 1200. రెండు పరిమాణాల లబ్ధం కూడా సరిగ్గా 1200. భాగిస్తే 1. వెలుగు సగమైనా, పైన 80 చేరినా మార్కు చెక్కుచెదరలేదు. దీన్నే నార్మలైజ్డ్ క్రాస్ కోరిలేషన్ అంటారు. ఫలితం ఎప్పుడూ -1కీ 1కీ మధ్యే ఉంటుంది. 100, 40, 100 లాంటి తలకిందుల ముక్కకు, అంటే నెగెటివ్‌లాంటి దానికి, -1 వస్తుంది.

మరి గోడ? సగటు తీస్తే 0, 0, 0. భాగించబోతే హారమూ సున్నాయే. ప్రోగ్రామ్ ఇక్కడ దారితప్పుతుంది. ఇది ఎదురుగా కనిపించే ప్రమాదం కాబట్టి ఎవరైనా పట్టేస్తారు. కనపడని ప్రమాదం ఇంకోటుంది. కెమెరా గరుకుదనం వల్ల గోడ అంకెలు 120, 121, 120 అయ్యాయనుకోండి. సగటు తీసి లెక్కేస్తే దానికి అచ్చంగా 1 వస్తుంది! ఒక్క అంకె తేడాను ఈ పద్ధతి భూతద్దంలో చూసినట్టు పెంచి, నిజమైన ఆకారంతో సమానం చేసేసింది. అందుకే అంకెల్లో హెచ్చుతగ్గులు మరీ తక్కువగా ఉన్న ముక్కల్ని ముందే పక్కన పెట్టాలి. టెంప్లేట్ మూడు పిక్సెళ్లది కాకుండా వందల పిక్సెళ్లదైతే గరుకుదనం అంతా అనుకోకుండా ఒకే ఆకారంలో కుదరడం దాదాపు జరగదు.

ఇంకో హద్దు. చదరంలోని పిక్సెళ్లన్నిటికీ వెలుగు ఒకే తీరున మారితేనే ఈ లెక్క నిలుస్తుంది. నీడ అంచు చదరం మధ్యనుంచి పోతే సగం పిక్సెళ్లు ఒకలా, సగం ఇంకోలా మారతాయి, మార్కు పడిపోతుంది. వెలుగు మరీ ఎక్కువై అంకెలు 255 దగ్గర ఆగిపోయినా అంతే. వస్తువు తిరిగినా, చిన్నదో పెద్దదో అయినా ఈ పద్ధతి సొంతంగా సర్దుకోలేదు. మార్స్ నౌకలో వాడింది దీనికి దగ్గరి రూపమే. అక్కడి ఇంజనీర్లకు ఈ హద్దులు తెలుసు. నౌక ఎత్తు, ఒంపు చెప్పే పరికరాల సాయంతో ముందు ఫొటోలను ఒకే కొలతకు, ఒకే దిక్కుకు సర్ది, ఆ తర్వాతే పోల్చారు. స్పిరిట్ విషయంలో పక్కవేగం తగ్గించాలని తేలింది, రాకెట్లు మండాయి.

ఇదే పని ఇంట్లో కంప్యూటర్ మీద చేయాలంటే ఓపెన్‌సీవీ అనే ఉచిత లైబ్రరీలో ఒక వరుస చాలు:

```
res = cv2.matchTemplate(img, templ, cv2.TM_CCOEFF_NORMED)
```

కొత్తవాళ్లు పొరపడేది చివరి పేరు దగ్గరే. `TM_CCORR` అంటే మామూలు గుణకారాల మొత్తం. `TM_CCORR_NORMED` అంటే భాగహారం మాత్రమే చేసేది, పేరులో నార్మలైజ్ ఉన్నా సగటు తీయదు. రెండూ చేసేది `TM_CCOEFF_NORMED`. ఏది వాడామో అనుమానమొస్తే `res`లోని అంకెలు చూస్తే తెలిసిపోతుంది. ఒక్కటి కూడా సున్నా కన్నా దిగకుండా, సంబంధం లేని చోట్ల కూడా 0.9 చుట్టూ తిరుగుతుంటే సగటు తీయడం జరగలేదన్నమాట.