మంచం కిర్రు ఎక్కడ పుడుతుంది?

రాత్రి పక్కకి ఒత్తిగిలితే కిర్రుమనే మంచాన్ని చాలామంది చెక్క నాసిరకమని తిట్టుకుంటారు. పాపం, ఆ నేరంలో చెక్క వాటా తక్కువ. బరువు ఎక్కువై మంచం మూలుగుతోందనుకోవడం కూడా పొరపాటే. నలుగురు కూర్చున్నా నోరెత్తని మంచాలున్నాయి, పిల్లి దూకితే కిర్రుమనేవీ ఉన్నాయి. చప్పుడు పుట్టేది రెండు వస్తువులు ఒకదాన్నొకటి తాకే చోట. అది కూడా అవి గట్టిగా పట్టుకోకుండా, హాయిగా జారకుండా, మధ్యస్తంగా మిగిలినప్పుడు మాత్రమే.

చెక్క మీద చెక్క ఆనించి మెల్లగా పక్కకి నెట్టండి. ముందు కదలదు. మీరు నెట్టే బలమంతా చెక్కలో సన్నటి వంపుగా పోగవుతుంది. ఆ బలం రాపిడిని మించిన క్షణాన చెక్క ఒక్కసారిగా జారుతుంది. జారేటప్పటి రాపిడి, ఆగి ఉన్నప్పటి రాపిడి కంటే తక్కువ కాబట్టి ఆ జారుడు కొంచెం ఎక్కువే సాగి మళ్లీ ఆగిపోతుంది. పట్టు, జారు, మళ్లీ పట్టు. ఇదే సెకనుకు వందల సార్లు జరిగితే చెవికి కిర్రుమని వినిపిస్తుంది. వయొలిన్ తీగ మీద కమాను పలికించేదీ ఇదే సూత్రంతో. ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన కూలుంబ్, 18వ శతాబ్దం చివర్లో ఓక్ చెక్కల రాపిడిని ఓపిగ్గా కొలిచాడు. విద్యుత్ సూత్రానికి పేరిచ్చిన కూలుంబ్ ఈయనే. చెక్కలు కదలకుండా కొంతసేపు ఆని ఉంటే వాటి పట్టు పెరుగుతుందని ఆయన గమనించాడు. గంటల తరబడి కదలకుండా పడుకుని మొదటిసారి పక్కకి తిరిగినప్పుడే మంచం గట్టిగా అరవడంలో ఈ సంగతి పాత్ర కూడా ఉంది.

అందుకని కిర్రుకి మందులు రెండే, అవీ ఒకదానికొకటి విరుద్ధం. కదలకూడని చోట బొత్తిగా కదలకుండా బిగించాలి. కదలక తప్పని చోట చప్పుడు లేకుండా కదలనివ్వాలి. మంచం పుట్టినప్పటి నుంచీ దాని చరిత్రంతా మొదటి పనిని ఎవరు చేస్తారన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మన నులక మంచంలో ఆ పని నులకదే. పట్టె చివర సన్నగా చెక్కి కోడు బెజ్జంలో దిగగొడతారు. మేకు లేదు, బోల్టు లేదు. నులక అల్లి కాళ్ల వైపు తాడు లాగి బిగించగానే నాలుగు పట్టెలూ లోపలికి లాగబడి కోళ్లలోకి నొక్కుకుంటాయి. మనిషి పడుకుంటే నులక ఇంకా లాగుతుంది, కీళ్లు ఇంకా బిగుస్తాయి. బరువే బిగింపు! నులక సాగిందంటే మళ్లీ లాగి కట్టడం పొద్దున పూట పని, దానికి పనిముట్టు అక్కర్లేదు. ఇంత తెలివైన కీలు ఆ తర్వాత వచ్చిన మంచాల్లో లేదని నా అభిప్రాయం.

పరుపు మంచం వచ్చాక ఆ లాగుడు పోయింది. ఐరోపాలో 18వ శతాబ్దపు పెద్ద మంచాలకు కోడు గుండా పొడవాటి ఇనుప బోల్టు దూర్చి పట్టె లోపల నట్టుతో బిగించేవారు. మంచాన్ని విప్పి గుమ్మం దాటించాలన్నా, కీళ్లలో దాక్కున్న నల్లులను ఏరాలన్నా విప్పే కీలే కావాలి మరి. ఆ బోల్టుకే ఇప్పుడు ఆరు పలకల గుంట వచ్చింది. దాన్ని తిప్పే ఎల్ ఆకారపు తాళం అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1910లో మొదలైన అల్లెన్ కంపెనీ పేరుతో అల్లెన్ కీ అయింది. పెట్టెలో విడిభాగాలుగా వచ్చే మంచంతో పాటు ఆ కీ కూడా ఇంటికి రావడం మామూలైపోయింది.

ఇంకొక రకం కొక్కెం బ్రాకెట్. కోడుకు గాళ్లున్న ఇనుప పలక, పట్టె చివర కొక్కేలున్న పలక. పైనుంచి దించితే కొక్కెం గాడిలో కూరుకుంటుంది. మంచి తయారీలో కొక్కెం కొంచెం ఏటవాలుగా ఉంటుంది, బరువు పడేకొద్దీ పట్టె కోడు వైపు లాగబడుతుంది. నులక తెలివిలో కాస్త వాటా దీనికీ దక్కిందన్నమాట. కానీ దీని బలహీనత కొక్కెంలో కాదు, పలకను పట్టుకున్న స్క్రూల్లో. పట్టె చివరి ముఖంలోకి దిగిన స్క్రూ చెక్క నారల పొడవునా వెళ్తుంది, నారలను కోసుకుంటూ వెళ్లిన స్క్రూకి ఉన్నంత పట్టు దానికి దొరకదు. ఏడాది ఊగేసరికి రంధ్రం వెడల్పవుతుంది, ఇనుము ఇనుముతో రాసుకుని సన్నటి కీచు మొదలవుతుంది.

బోల్టు బిగించిన మంచం కూడా ఎందుకు వదులవుతుంది? బోల్టు దానంతటదే తిరిగిపోయిందని అందరూ అనుకుంటారు. చాలావరకు బోల్టు ఉన్నచోటే ఉంటుంది, చెక్కే దాని చుట్టూ సన్నబడుతుంది. చెక్క గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నారల పొడవునా ఆ మార్పు లెక్కలోకి రాదు, అడ్డంగా మాత్రం బాగా ఉంటుంది. పచ్చి టేకును పూర్తిగా ఎండబెడితే పెరుగుదల వలయాల వెంబడి 5.8 శాతం, వాటికి అడ్డంగా, అంటే చెట్టు మధ్య నుంచి బెరడు వైపు, 2.5 శాతం దాకా తగ్గుతుంది. చెక్కల్లో టేకు స్థిరమైనదని పేరు, అయినా ఇంత.

ఇప్పుడు ఆరున్నర అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు ఉన్న టేకు మంచం తీసుకుందాం. కోడు మందం 75 మి.మీ. దాని గుండా 8 మి.మీ. బోల్టు వెళ్లి పట్టెలోని అడ్డ నట్టులో బిగుసుకుంది. వానాకాలం నుంచి ఎండాకాలానికి చెక్కలో తేమ 4 శాతం తగ్గిందనుకుందాం, విశాఖ నుంచి ఏసీ గదికి మారినా ఇలాంటిదే జరగొచ్చు. చెక్క కుంచించుకోవడం మొదలయ్యేది తేమ 28 శాతానికి దిగినప్పటి నుంచి కాబట్టి, ఈ 4 శాతానికి పై అంకెల్లో ఏడో వంతు వస్తుంది. 75 మి.మీ. కోడు, చెక్క కోసిన తీరును బట్టి, దాదాపు 0.27 నుంచి 0.62 మి.మీ. సన్నబడుతుంది. చేత్తో బిగించిన బోల్టు సాగేది వెంట్రుక మందమంత. అంటే ఆ బిగింపులో చాలా భాగం మాయమైనట్టే. 8 మి.మీ. బోల్టు ఒక చుట్టు తిరిగితే 1.25 మి.మీ. ముందుకు వెళ్తుంది. కాబట్టి పోయిన బిగువు తిరిగి రావడానికి కావలసింది పావు చుట్టు నుంచి అర చుట్టు.

తిరిగి తేమ పెరిగితే అదే బిగుస్తుందిలే అనుకోకూడదు. ఉబ్బే చెక్కను బోల్టు ఆపుతుంది, వాషర్ కింది నారలు నలుగుతాయి, నలిగినవి మళ్లీ లేవవు. ఒక ఏడాది చక్రం తిరిగేసరికి వదులు ఇంకొంచెం పెరుగుతుంది. బోల్టు తల కింద వెడల్పాటి వాషర్ ఉంటే ఆ నలుగుడు తగ్గుతుంది. కంపెనీ ఇచ్చిన చిన్న వాషర్‌ను అవతల పడేసి అంగుళం పైన వెడల్పున్నది వేసుకోవడం పది రూపాయల పని.

బిగించే వరస కూడా ముఖ్యమే. ముందు బోల్టులన్నీ వేళ్లతో మాత్రమే తిప్పి వదలాలి. మంచాన్ని దాని శాశ్వత చోటుకి చేర్చి, ఊగే కోడు కింద ముక్క పెట్టి సమం చేయాలి. ఆ తర్వాత టేపుతో ఒక మూల నుంచి ఎదురు మూలకు, రెండు వైపులా కొలవాలి. 78 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు ఉన్న చట్రానికి మూల నుంచి మూల 98.4 అంగుళాలు రావాలి. అంకె కన్నా రెండూ సమానంగా రావడం ముఖ్యం, తేడా ఎనిమిదో వంతు అంగుళం దాటితే పొడవైన వైపు నుంచి తోసి సరిచేయాలి. చివరగా నాలుగు మూలలూ వంతులవారీగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే మంచం వంకరగానే బిగుసుకుంటుంది, ఆ వంకరను సరిచేయబోతూ మిగతా కీళ్లు జీవితాంతం రాసుకుంటుంటాయి. వెడల్పైన స్క్రూ రంధ్రం ఉంటే అగ్గిపుల్లలకు చెక్క జిగురు రాసి కూరి, ఒక రోజు ఆరనిచ్చి, సన్న రంధ్రం వేసి కొంచెం పొడవైన స్క్రూ దించాలి.

ఇక రీపర్లు, అంటే పరుపు కింది అడ్డ పలకలు. ఇక్కడ బిగింపు వైద్యం పనిచేయదు, ఎందుకంటే రీపరు వంగడం దాని ఉద్యోగం. 1500 మి.మీ. రీపరు నడుమ 10 మి.మీ. వంగితే దాని రెండు చివరలూ కలిపి లోపలికి జరిగేది 0.2 మి.మీ. కన్నా తక్కువే. కానీ పట్టు-జారు ఆటకు అది చాలు. స్విట్జర్లాండ్‌కు చెందిన హ్యూగో డేగెన్, జర్మనీలో కార్ల్ తోమాస్ కలిసి 1957లో తెచ్చిన ‘లాటోఫ్లెక్స్’ తరహా మంచాల్లో వంపు తిరిగిన పలకల చివరలకు సాగే తొడుగులు వేయడం అలవాటైంది. మెత్తగా వంగే తొడుగు ఆ చిన్న కదలికను తనలో దాచుకుంటుంది, జారుడే ఉండదు. ఇంట్లో ఇదే పనికి పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి రీపరు ఆనే చోట అంటించొచ్చు. ఫెల్టు పట్టీ అయితే రాపిడిని మెత్తగా మారుస్తుంది. రెండూ లేకపోతే కొవ్వొత్తి: చెక్క తాకే చోట మైనం దట్టంగా రుద్దితే ఆగి ఉన్నప్పటి పట్టుకీ జారేటప్పటి పట్టుకీ తేడా తగ్గి చప్పుడు మానేస్తుంది. నూనె మాత్రం వద్దు. చెక్క పీల్చుకుంటుంది, దుమ్ము పడుతుంది, నాలుగు వారాల్లో పాత పాటే. రీపరుకు స్క్రూ వేయాలనుకుంటే ఒక చివరే వేయండి, రెండో చివర కదలాలి.

ఎక్కడ అరుస్తోందో చెవితో వెతకడం దండగ. చట్రమంతా ఒకదానికొకటి ఆని ఉన్న చెక్కే కాబట్టి చప్పుడు దానంతటా పరిగెడుతుంది, కాళ్ల దగ్గర పుట్టినది తల దగ్గర వినిపిస్తుంది. పరుపు తీసేయండి, అప్పటికి మౌనమైతే దోషి పరుపులోని స్ప్రింగే. కాకపోతే ఒకరు ఒక్కో మూలను పక్కకి ఊపుతుంటే మరొకరు వేలి కొనను కోడుకీ పట్టెకీ మధ్య గీత మీద ఆనించాలి. చెవి మోసపోయినా వేలు మోసపోదు, కాగితం మందం కదలిక కూడా దానికి తెలుస్తుంది. కొక్కెం పలకలు కదులుతుంటే కొక్కేలకు కూడా మైనమే రాయండి, స్క్రూలు బిగించాక.

ఒక హద్దు ఉంది. బోల్టు ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే లోపలి అడ్డ నట్టు నారలను చీల్చేసిందని అర్థం. దాన్ని ఇంకా తిప్పడం వల్ల లాభం లేదు, వడ్రంగి చేత అంగుళం వెనక్కి కొత్త రంధ్రం వేయించి పొడవైన బోల్టు వాడాలి. కొత్త మంచం కొనేవారు దుకాణంలోనే పరుపు ఎత్తి మూల చూడండి. కోడు గుండా దూరిన బోల్టు కనిపిస్తే కొనొచ్చు. నాలుగు చిన్న స్క్రూలతో వేలాడే ఎల్ బ్రాకెట్ ఒక్కటే ఉంటే, ధర ఎంత తగ్గించినా వద్దనండి.