కుజుడు ఏడో ఇంట ఉంటే

పెళ్లి సంబంధం దాదాపు కుదిరాక ‘కుజదోషం ఉంది’ అన్న ఒక్క మాటతో వెనక్కి పోయిన ఇళ్లు మన చుట్టూ ఎన్నో. ఆ మాట ఎలా పుడుతుందో చూస్తే జాతకం గుట్టు చాలావరకు తెలుస్తుంది.

చక్రంలో పన్నెండు ఇళ్లు. పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి లగ్నం, అదే మొదటి ఇల్లు. తొమ్మిది గ్రహాలకూ తలా ఒక బాధ్యత అప్పగించింది శాస్త్రం. రవి తండ్రికి, అధికారానికి, చంద్రుడు తల్లికి, మనసుకు, కుజుడు ధైర్యానికి, కోపానికి, భూమికి, బుధుడు తెలివికి, వ్యాపారానికి, గురుడు జ్ఞానానికి, సంతానానికి, శుక్రుడు దాంపత్యానికి, శని ఆయువుకు, ఆలస్యానికి కారకులు. రాహుకేతువులు కంటికి కనిపించే గ్రహాలు కావు. సూర్యచంద్రుల మార్గాలు ఖండించుకునే రెండు బిందువులవి. రాహువును కోరికకు, కేతువును వైరాగ్యానికి గుర్తుగా చెబుతారు.

లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 ఇళ్లలో కుజుడుంటే దోషమని మన సిద్ధాంతులు చెప్పే లెక్క. అమ్మాయిది వృషభ లగ్నం, కుజుడు వృశ్చికంలో ఉన్నాడనుకుందాం. అది ఏడోది, కళత్ర స్థానం. కోపానికి కారకుడు దాంపత్యపు ఇంట కూర్చున్నాడు కాబట్టి దోషం అంటారు ఒకరు. వృశ్చికం కుజుడికి సొంత ఇల్లు, దోషం లేదంటారు ఇంకొకరు. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. ఆ అమ్మాయి వృషభ లగ్నం చివర్లో పుట్టి, ఆసుపత్రిలో టైము అయిదు నిమిషాలు ఆలస్యంగా రాసుంటే, లగ్నం మిథునమై కుజుడు ఆరో ఇంటికి జరుగుతాడు. అప్పుడు లగ్నం నుంచి అసలు దోషమే ఉండదు!

హేతువాదుల మొదటి అభ్యంతరం ఈ లెక్కమీదే. పన్నెండిళ్లలో అయిదు దోషస్థానాలైతే, లగ్నం నుంచి చూసినా పదిమందిలో నలుగురికి దోషం ఉన్నట్టే. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా చూసి ఎక్కడ కనిపించినా దోషమే అంటే, పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఇరుక్కుంటారు. ఇంతమందికి ఉన్నదాన్ని పట్టుకుని ఒక పిల్లను పక్కన పెట్టడం అన్యాయమనే నాకూ అనిపిస్తుంది.

నమ్మేవాళ్లు ఒప్పుకోరు. ఒక్క కుజుణ్ణి చూసి తీర్పు చెప్పేవాడికి శాస్త్రం రానట్టే, గురుదృష్టి, దశలు, అవతలివారి జాతకం అన్నీ చూడాలంటారు. ఇద్దరికీ దోషం ఉంటే పరిహారమైపోతుందనీ అంటారు. పెద్దలు చూపించి పెళ్లి చేశారన్న ధైర్యం కూడా వాళ్లకు చిన్నది కాదు.

మరి అన్నీ చూసి చెప్పినా నిలుస్తుందా? ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ 2008లో మహారాష్ట్రలో పరీక్ష పెట్టారు. అది పెళ్లిళ్ల గురించి కాదు, తెలివితేటల గురించి. చదువులో చురుకైన వందమంది, బుద్ధిమాంద్యం ఉన్న వందమంది పిల్లల జాతకాలు కలిపి, ఒక్కో జ్యోతిష్కుడికి నలభై చొప్పున పంపి, ఎవరు ఏ కోవకు చెందుతారో చెప్పమన్నారు. జవాబులిచ్చిన 27 మంది సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. బొమ్మాబొరుసు వేసినా సగం తగులుతాయి. జాతకం చెప్పేది ఫలితాన్ని కాదు, అవకాశాన్నని నమ్మేవాళ్ల సమాధానం. ఆ అవకాశం ఏమిటో ముందే కాగితంమీద రాసి ఇస్తే తప్ప ఆ సమాధానాన్ని ఎవరూ పరీక్షించలేరు.