అంకెలు లెక్కపెడితే లాగరిథం

లాగరిథం దగ్గర తడబడే విద్యార్థికి లెక్కల మాస్టారు రాసే ఉత్తరం సూత్రంతో కాక, అంకెలు లెక్కపెట్టడంతో మొదలవడమే మేలు. 10 ఆధారంగా తీసుకున్న లాగరిథం, ఒక సంఖ్య 10కి ఎన్నో ఘాతమో చెబుతుంది. 100కి అది 2, 1000కి 3. మధ్యలో ఉన్న 345కి సుమారు 2.538. దశాంశ బిందువుకు ముందున్న 2కి ఒకటి కలిపితే 3; 345లో ఉన్నవీ మూడంకెలే. చాలామంది పొరబడేది ఈ ఒకటి దగ్గరే. 1000లో నాలుగు అంకెలున్నాయి కదా అని దాని లాగరిథం 4 అని రాసేస్తారు.

ఇక 2 లాగరిథం ఎంత? పట్టిక తెరవకుండానే పట్టుకోవచ్చు. పది 2లను గుణిస్తే 1024, నాలుగు అంకెలు. కాబట్టి దాని లాగరిథం 3కీ 4కీ మధ్య ఉండాలి. సంఖ్యలను గుణిస్తే వాటి లాగరిథాలు కూడతాయి కనుక, అది 2 లాగరిథానికి పది రెట్లు. అంటే 2 లాగరిథం 0.3కీ 0.4కీ మధ్య ఉంది. వంద 2ల లబ్ధంలో 31 అంకెలుంటాయి. దాంతో విలువ 0.30, 0.31ల మధ్యకు చేరుతుంది. వెయ్యి 2ల లబ్ధంలో 302 అంకెలు, ఇప్పుడు 0.301, 0.302ల మధ్య. ఇలా ఘాతాన్ని పదిరెట్లు చేసినప్పుడల్లా మరో దశాంశ స్థానం తేలుతుంది. పట్టికల్లో 0.3010 అని అచ్చయ్యేది ఈ విలువే.

దశాంశ భాగం ఎందుకు అవసరమో గుణకారంలో తెలుస్తుంది. 20, 30ల లబ్ధం 600, మూడంకెలు. 50, 60ల లబ్ధం 3000, నాలుగంకెలు. నాలుగూ రెండంకెల సంఖ్యలే అయినా, రెండో జంటలో లాగరిథాల దశాంశ భాగాలు కలిసి 1 దాటాయి.